రెండు వందల పంపులు, రెండు దారులు: బాండ్‌లో పెట్టినవీ, డ్యూటీ కట్టి వెనక్కి అడిగినవీ

ఇది నేను కస్టమ్స్ బ్రోకర్‌గా చేసిన ఒక కేసు. పార్టీ పేరు, పోర్టు పేరు రాయను. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి విలువలను గుండ్రని అంకెల్లోకి మార్చాను. మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను, నా పొరపాటుతో సహా.

పార్టీ హైడ్రాలిక్ పంపులు దిగుమతి చేసి అమ్మే వ్యాపారి. విదేశీ తయారీదారుకు మన దేశంలో డీలర్. దాంతోపాటు పక్క దేశంలో ఒక కొనుగోలుదారుకు కూడా ఇక్కడి నుంచే సరఫరా చేస్తుంటాడు. ఆ డిసెంబరులో ఫోన్ చేసి, "200 పంపులు వస్తున్నాయండీ. ఎన్ని ఇక్కడ అమ్ముడవుతాయో, ఎన్ని బయటికి పోతాయో ఇప్పుడే చెప్పలేను. అన్నిటికీ డ్యూటీ కట్టేసి తెచ్చేసుకుందాం. బయటికి పంపినవాటికి డ్రాబ్యాక్ వస్తుందిగా, 98 శాతం," అన్నాడు.

డ్యూటీ కట్టి తెచ్చిన సరుకును తిరిగి ఎగుమతి చేస్తే, కట్టిన డ్యూటీని వెనక్కి ఇవ్వడమే డ్రాబ్యాక్. 98 శాతం అనే మాట చాలామందిని ఇలాగే నిశ్చింతగా ఉంచేస్తుంది. పోయేది 2 శాతమేగా అనుకుంటారు. ఆ 2 శాతం నిజంగానే పెద్ద విషయం కాదు. మిగతా 98 శాతం చేతికి రావాలంటే ఏమేం నిరూపించాలన్నదే అసలు విషయం.

ముందు లెక్క చూద్దాం. ఒక్కో పంపు అసెసబుల్ విలువ, అంటే డ్యూటీ లెక్కగట్టే విలువ, 1,00,000 రూపాయలు అనుకోండి. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 7.5 శాతం, అంటే 7,500. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి 10 శాతం, అంటే 750. ఈ రెండూ కలిపిన విలువ మీద, అంటే 1,08,250 మీద, ఐజీఎస్టీ 18 శాతం: 19,485. మొత్తం ఒక్కో పంపుకి 27,735. రెండు వందలకి 55,47,000. సరుకు పోర్టులో దిగగానే ఇంత కట్టేసి, అందులో ఎంత వెనక్కి వస్తుందో తర్వాత చూసుకుందామన్నది పార్టీ ఆలోచన.

నేను వద్దన్నాను. ఇక్కడ కచ్చితంగా అమ్ముడయ్యేవి ఎన్ని అని అడిగితే 80 అన్నాడు. వాటికి డ్యూటీ కట్టి తీసుకుందాం, మిగతా 120 బాండెడ్ వేర్‌హౌస్‌లో పెడదాం అన్నాను. బాండ్‌లో ఉన్న సరుకుకి డ్యూటీ అప్పుడే కట్టక్కర్లేదు. ఇక్కడ అమ్మాలనుకుంటే ఆ రోజు కట్టి బయటికి తీయొచ్చు. విదేశానికి పంపాలనుకుంటే బాండ్ నుంచే పంపొచ్చు, దిగుమతి డ్యూటీ అసలే ఉండదు. ఇంకా అమ్మకం ఖాయం కాని సరుకుకి ఇంతకన్నా సరిపోయే ఏర్పాటు లేదు.

ఇక్కడ చిన్న చిక్కు ఉంది. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రశీదు బిల్ ఆఫ్ లేడింగ్, దిగుమతిదారు కస్టమ్స్‌కి వేసే డిక్లరేషన్ బిల్ ఆఫ్ ఎంట్రీ. వెంటనే డ్యూటీ కట్టి తీసుకునే సరుకుకి వేసేది హోమ్ కన్సంప్షన్ బిల్లు, బాండ్‌లో పెట్టేదానికి వేసేది వేర్‌హౌసింగ్ బిల్లు. ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ మీద వచ్చిన సరుకులో సగానికి హోమ్ కన్సంప్షన్ బిల్ ఆఫ్ ఎంట్రీ, సగానికి వేర్‌హౌసింగ్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేయడం మామూలుగా కుదరదు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 46 ప్రకారం, అధికారి అనుమతిస్తే తప్ప, ఒక బిల్ ఆఫ్ ఎంట్రీలో ఆ బిల్ ఆఫ్ లేడింగ్‌లోని సరుకంతా ఉండాలి. మొత్తం 200 బాండ్‌లో పెట్టి, వెంటనే 80 ఎక్స్‌బాండ్ చేసుకోవడం, అంటే డ్యూటీ కట్టి బాండ్ నుంచి బయటికి తీసుకోవడం, ఒక దారి. ఓడ ఎక్కకముందే సప్లయర్‌తో రెండు ఇన్వాయిస్‌లు, రెండు బిల్ ఆఫ్ లేడింగ్‌లు చేయించుకోవడం ఇంకో దారి. మాకు టైముంది కాబట్టి రెండోది చేశాం: 80 ఒకటి, 120 ఒకటి.

120 ఉన్న ఇన్వాయిస్‌కి ప్రతి పంపు సీరియల్ నంబరు ప్యాకింగ్ లిస్టులో రాసి పంపమని సప్లయర్‌కి నేనే మెయిల్ పెట్టించాను. 80 ఉన్న దానికి అడగలేదు. ఇవి ఎలాగూ ఇక్కడే ఉండిపోతాయి కదా అనుకున్నాను. ఆ లిస్టులో "కార్టన్ 1 నుంచి 80" అని మాత్రమే వచ్చింది. ముందు చెప్పిన పొరపాటు ఇదే.

బాండ్‌లో పెట్టిన 120

బాండ్ అనగానే కొత్తవాళ్లు గోదాం అనుకుంటారు. నిజానికి బాండ్ అంటే కాగితం, ప్రభుత్వానికి రాసిచ్చే పూచీ. సెక్షన్ 59 ప్రకారం, లెక్కగట్టిన డ్యూటీకి మూడు రెట్ల మొత్తానికి బాండ్ రాయాలి. 120 పంపుల డ్యూటీ 33,28,200, కాబట్టి బాండ్ 99,84,600 రూపాయలకి. దాదాపు కోటి అనగానే పార్టీకి టెన్షన్ పట్టుకుంది. అది కట్టే డబ్బు కాదు, షరతులు తప్పితే కడతానని ఇచ్చే మాట అని చెప్పి ఒప్పించాల్సి వచ్చింది. దానికి తోడు సెక్యూరిటీ ఎంత అడుగుతారన్నది సరుకును బట్టీ పార్టీని బట్టీ మారుతుంది.

వేర్‌హౌసింగ్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేసి, అసెస్ అయ్యాక, సరుకును గోదాంకి తరలించుకోవచ్చని సెక్షన్ 60 కింద ఆర్డరు వచ్చింది. తేదీ జనవరి 10. ఈ తేదీని నేను ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసుకుంటాను, ఎందుకంటే వడ్డీ లెక్క ఇక్కడి నుంచే. సరుకు గోదాం లోపలికి వెళ్లిన రోజు నుంచి కాదు. మొదటి 90 రోజులు వడ్డీ లేదు. ఆ తర్వాత, డ్యూటీ కట్టే రోజు వరకు, కట్టాల్సిన డ్యూటీ మీద ఏడాదికి 15 శాతం. మామూలు సరుకు బాండ్‌లో ఉండగలిగే గడువు ఏడాది. కారణం చూపిస్తే పొడిగిస్తారు, కానీ పొడిగించినంత మాత్రాన వడ్డీ ఆగదు. ఏడాది గడువు వేరు, 90 రోజులు వేరు. రెండిటినీ ఒకటే అనుకుని దెబ్బతిన్నవాళ్లని చూశాను.

ఇంకో సంగతి కూడా పార్టీకి ముందే చెప్పాలి. బాండ్‌లో ఉన్న సరుకుకి డాలరు రేటు వేర్‌హౌసింగ్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజుదే ఉండిపోతుంది. డ్యూటీ రేటు మాత్రం ఎక్స్‌బాండ్ బిల్లు వేసిన రోజుది. మధ్యలో ఫిబ్రవరి 1 బడ్జెట్ ఉంది. రేటు పెరిగితే మన మీదే, తగ్గితే మన లాభమే. ఆసారి పంపుల మీద రేటు మారలేదు, కానీ బడ్జెట్ ప్రసంగం అయిపోయేదాకా పార్టీ నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు.

గోదాం దగ్గర ఇప్పుడు పాత రోజుల్లోలా కస్టమ్స్ అధికారి తాళం ఉండదు. 2016 నుంచి పబ్లిక్, ప్రైవేట్ వేర్‌హౌస్‌లలో రికార్డుల మీదే పర్యవేక్షణ. బంగారం, డ్యూటీ ఫ్రీ షాపుల సరుకు లాంటివి పెట్టే స్పెషల్ వేర్‌హౌస్‌లకే అధికారి తాళం మిగిలింది. తాళం లేదంటే స్వేచ్ఛ వచ్చిందని కాదు, బాధ్యత గోదాం నడిపేవాడి నెత్తిన పడిందని. ఏ సరుకు వచ్చింది, ఎంత పోయింది, ఏ బిల్లు మీద పోయింది అన్నది రిజిస్టరులో ఉండాలి. వచ్చే నెలలో ఏ సరుకు గడువు తీరబోతోందో నెలనెలా రిటర్న్‌లో చూపాలి.

ఫిబ్రవరిలో పార్టీ ఒక ఇక్కడి కస్టమర్‌ని గోదాంకి తీసుకెళ్లాడు. కస్టమర్‌కి పంపు నచ్చింది, నాలుగు రోజులు ఫ్యాక్టరీలో ఆడించి చూస్తానన్నాడు. బాండ్‌లోది ఒకటి ఇవ్వొచ్చా అని పార్టీ నన్నడిగాడు. కుదరదన్నాను. బాండ్‌లో ఉన్న సరుకును యజమాని చూడొచ్చు, సర్దుకోవచ్చు, కొనేవాళ్లకి చూపించొచ్చు. వాడుకోకూడదు, ట్రయల్ కోసమైనా డ్యూటీ కట్టకుండా బయటికి తీయకూడదు. అలా తీస్తే సెక్షన్ 72 కింద డ్యూటీ, వడ్డీ, పెనాల్టీ. "సరే, డ్యూటీ కట్టిన 80లోంచి మూడు ఇస్తాను," అన్నాడు. అది అతని ఇష్టం. ఆ మూడింటి సంగతి తర్వాత వస్తుంది.

మార్చిలో పక్క దేశం నుంచి 50 పంపుల ఆర్డరు వచ్చింది. బాండ్ నుంచి సెక్షన్ 69 కింద ఎగుమతి డిక్లరేషన్, అంటే షిప్పింగ్ బిల్, వేసి పంపేశాం. దిగుమతి డ్యూటీ సున్నా. గోదాంలో లోడు చేసి వన్ టైమ్ లాక్ వేసి పోర్టుకి పంపాం. ఓడ ఎక్కిందన్న రుజువు తెచ్చి బాండ్ అధికారికి ఇచ్చాకే ఆ 50 పంపుల మేరకు బాండ్ భారం తగ్గింది. ఈ రుజువు ఇవ్వడం మర్చిపోయి, సరుకు ఎప్పుడో ఎగుమతైపోయినా కాగితాల్లో ఇంకా బాండ్‌లోనే ఉన్నట్టు, చివరికి డిమాండ్ నోటీసు వచ్చిన కేసులు నా అల్మారాలో రెండున్నాయి.

మే 20న ఇక్కడి అమ్మకం కోసం 40 పంపులు ఎక్స్‌బాండ్ చేశాం. పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని పచ్చ బిల్లు అంటారు, కాగితాల రోజుల్లో ఆ ఫారం ఆకుపచ్చగా ఉండేది కాబట్టి. 90 రోజులు ఏప్రిల్ 10తో అయిపోయాయి. అంటే 40 రోజుల వడ్డీ. 40 పంపుల డ్యూటీ 11,09,400. దాని మీద 15 శాతం చొప్పున 40 రోజులకి సుమారు 18,237 రూపాయలు. పార్టీ గొణిగాడు. పంపుకి 456 రూపాయలు పడిందని చూపిస్తే ఊరుకున్నాడు. అదే పంపు మీద 27,735 రూపాయలు జనవరి నుంచి మే దాకా అతని దగ్గరే ఉంది. గోదాం అద్దె వేరే, అది మాత్రం చిన్నదేమీ కాదు. తక్కువ డ్యూటీ ఉండి ఎక్కువ చోటు ఆక్రమించే సరుకైతే అద్దే ఈ లాభాన్ని తినేస్తుంది.

జూన్‌లో బయటి నుంచి పెద్ద ఆర్డరు: 60 పంపులు, వెంటనే. బాండ్‌లో 30 ఉన్నాయి. అవి సెక్షన్ 69 కింద వెళ్లిపోయాయి. అప్పటికి 90 రోజులు దాటి రెండు నెలలైనా వడ్డీ పడలేదు. కట్టాల్సిన డ్యూటీయే లేనప్పుడు దాని మీద వడ్డీ ఎక్కడిది? 1996లో ప్రతిభా ప్రాసెసర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

మిగతా 30 డ్యూటీ కట్టిన స్టాకులోంచి తీయాలి. "ఇప్పుడు డ్రాబ్యాక్ అడుగుదాం," అన్నాడు పార్టీ.

డ్యూటీ కట్టినవాటిలోంచి 30

సెక్షన్ 74 చెప్పేది సూటిగా ఉంటుంది. డ్యూటీ కట్టి దిగుమతి చేసిన సరుకును తిరిగి ఎగుమతి చేస్తే, కట్టిన డ్యూటీలో 98 శాతం వెనక్కి ఇస్తారు. రెండు షరతులు. వెళ్తున్న సరుకు, వచ్చిన సరుకు ఒకటేనని కస్టమ్స్ అధికారికి నమ్మకం కలగాలి. డ్యూటీ కట్టిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఎగుమతి కోసం కస్టమ్స్‌లో డిక్లేర్ కావాలి.

మొదటి షరతులోని "ఒకటే" అన్న మాట దగ్గరే పార్టీకీ నాకూ గంటసేపు వాదన. అతను ఇంటర్నెట్‌లో అమెరికా పద్ధతి చదివొచ్చాడు. అక్కడ అదే వర్గానికి చెందిన వేరే సరుకు ఎగుమతి చేసినా డ్రాబ్యాక్ ఇస్తారు, 99 శాతం, అయిదేళ్ల దాకా. మన సెక్షన్ 74 అలాంటిది కాదు. అదే మోడల్, అదే ధర, అదే తయారీదారు అయినా సరిపోదు. ఆ బిల్ ఆఫ్ ఎంట్రీ మీద వచ్చిన ఆ పంపే వెళ్లాలి. అకౌంట్స్‌లో "ముందు వచ్చింది ముందు పోయింది" అని రాసుకోవడం ఇక్కడ పనికి రాదు. పంపు మీద చెక్కిన అంకె చూస్తారు.

కానీ మన దగ్గర ఆ అంకెలకి రుజువు ఏదీ? 80 పంపుల బిల్ ఆఫ్ ఎంట్రీని, ఏ సరుకు తెరిచి చూడాలో తేల్చే కస్టమ్స్ రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పరీక్ష లేకుండానే వదిలేసింది. ఆ రోజు అందరం సంతోషించాం. కంటైనర్ తెరవలేదు కాబట్టి కస్టమ్స్ రికార్డులో ఒక్క సీరియల్ నంబరు లేదు. ప్యాకింగ్ లిస్టులో "కార్టన్ 1 నుంచి 80". తర్వాత ఎగుమతి అయ్యే అవకాశం రవ్వంత ఉన్నా, దిగుమతి రోజునే సీరియల్ నంబర్లున్న లిస్టును బిల్ ఆఫ్ ఎంట్రీకి జోడించి అప్‌లోడ్ చేయడం ఇప్పుడు నా అలవాటు. అప్పుడు చేయలేదు.

సప్లయర్‌కి రాశాం. అతని దగ్గర ప్రతి పంపుకి ఫ్యాక్టరీ టెస్ట్ సర్టిఫికెట్ ఉంది, దాని మీద సీరియల్ నంబరు, డిస్పాచ్ నోట్ నంబరు. డిస్పాచ్ నోట్‌లో మన ఇన్వాయిస్ నంబరు, కార్టన్ నంబరు. ఈ గొలుసు కలిస్తే దారి దొరికినట్టే. ఇవి అవసరం పడ్డాక పుట్టించిన కాగితాలు కావు, దిగుమతికి ముందే తయారైనవి. అధికారికి నమ్మకం కలిగేది అందుకే. సప్లయర్ ఇప్పుడు కొత్తగా రాసిచ్చే ఉత్తరానికి అంత బరువుండదు.

ఆ లిస్టు పట్టుకుని, షిప్పింగ్ బిల్ వేయకముందే, పార్టీ గోదాంకి నేనే వెళ్లాను. పంపు మీద సీరియల్ రెండు చోట్ల ఉంటుంది: రివెట్లతో బిగించిన నేమ్‌ప్లేట్ మీద, ఫ్లాంజ్ అంచున పోతలోకి గుద్దిన అంకెల్లో. నేమ్‌ప్లేట్ మార్చొచ్చు, గుద్దిన అంకె మార్చలేం. తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు అంకెలని కప్పేసింది. స్టోర్‌కీపర్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి చదువుతుంటే నేను లిస్టులో టిక్కు పెడుతూ పోయాను. ఇరవై అయిదు కలిశాయి. అయిదు కలవలేదు. ఆ అయిదు నంబర్లు లిస్టు చుట్టుపక్కల కూడా లేవు, చాలా వెనకటి సిరీస్.

స్టోర్‌కీపర్ తల గోక్కున్నాడు. "ఇవి పాత లాట్‌వేమో సార్. ఒకే మోడల్ కదా అని ఒకే ర్యాక్‌లో పెట్టాం."

ఈ లాట్‌లోని మరో అయిదు తెచ్చి పెడదామంటే లేవు, ఇక్కడే అమ్ముడైపోయాయి. పాత లాట్ బిల్ ఆఫ్ ఎంట్రీ తీసి చూస్తే డ్యూటీ కట్టి రెండేళ్లు దాటింది. ఆ గడువు పొడిగించమని కస్టమ్స్ బోర్డును అడిగే వీలు చట్టంలో ఉంది, కానీ అయిదు పంపుల కోసం ఆ పోరాటం ఎందుకని పార్టీయే అన్నాడు. నిజమే. ఆ అయిదింటికి డ్రాబ్యాక్ అడగకుండా విడిగా మామూలు షిప్పింగ్ బిల్ వేశాం. వాటిని 25తో కలిపి ఒకే బిల్లులో పెట్టి ఉంటే, పరీక్షలో నంబర్లు కలవని అయిదు బయటపడి, మిగతా 25 మీద కూడా అనుమానం వచ్చేది. తప్పుడు డిక్లరేషన్ అని కేసు కట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

టిక్కులు పెడుతున్నప్పుడు ఇంకోటి కంటపడింది. మూడు పంపుల నూనె రంధ్రాలకి ఉన్న ప్లాస్టిక్ మూతలు వేరే రంగు. ఒకటి తీసి వేలు పెడితే నూనె తగిలింది. ఫ్లాంజ్ బోల్టు రంధ్రాల చుట్టూ పెయింట్ గీసుకుపోయి ఉంది, స్పానర్ తిరిగిన గుర్తు. ఫిబ్రవరిలో ట్రయల్‌కి వెళ్లిన మూడూ ఇవే.

పార్టీకి ఫోన్ చేస్తే, "నాలుగు రోజులే కదండీ ఆడించింది, తుడిచి పెడితే కొత్తవాటిలాగే ఉంటాయి," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొనేవాడికి చెప్పారా అని అడిగితే, ఆ మూడూ కొంచెం తగ్గింపు ధరకి డెమో పీసులుగానే పోతున్నాయన్నాడు. అలాంటప్పుడు కస్టమ్స్ దగ్గర దాచడం ఇంకా పిచ్చిపని, ఎగుమతి ఇన్వాయిస్‌లోనే కనిపిస్తుంది.

వాడిన సరుకుకి 98 శాతం రాదు. 1965 నాటి 19వ నంబరు నోటిఫికేషన్ ఇప్పటికీ దీనికి ఆధారం. మూడు నెలల్లోపు అయితే 95 శాతం, ఆరు నెలల్లోపు 85, తొమ్మిది నెలల్లోపు 75, అలా తగ్గుతూ పోయి 18 నెలలు దాటితే ఏమీ రాదు. చాలామంది పొరబడేది ఇక్కడ: ఆ నెలలు వాడిన రోజుల లెక్క కాదు. హోమ్ కన్సంప్షన్ కింద క్లియర్ చేసిన తేదీ నుంచి ఎగుమతి కోసం కస్టమ్స్ అధీనంలోకి వచ్చిన తేదీ దాకా ఉన్న మొత్తం కాలం. నాలుగు రోజులే ఆడించినా, 80 పంపుల క్లియరెన్స్ జనవరి 12 కాబట్టి, జూన్ చివరికి అయిదు నెలలు దాటినట్టే. 85 శాతం స్లాబు. జూలై 12 దాటితే 75కి పడిపోతుంది. అందుకే ఓడ ఆలస్యమైనా సరే, సరుకును జూన్‌లోనే కస్టమ్స్ అధీనంలోకి పంపేయమన్నాను.

ఐజీఎస్టీ మెలిక

డ్రాబ్యాక్ అంటే కట్టిందంతా వస్తుందని పార్టీ లెక్కేసుకున్నాడు: పంపుకి 27,735లో 98 శాతం, అంటే 27,180. జీఎస్టీ వచ్చాక సెక్షన్ 74 కింద ఐజీఎస్టీ కూడా వెనక్కి ఇస్తారు, నిజమే. అయితే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే అమ్మకాల మీద కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే పన్నుగా, తీసుకుని ఉండకూడదు. ఇతను జనవరి రిటర్న్‌లోనే 80 పంపుల ఐజీఎస్టీ క్రెడిట్ తీసేసుకున్నాడు, దాంతో ఇక్కడి అమ్మకాల పన్ను కట్టేశాడు కూడా. ఒకే పన్నును రెండు చోట్ల అడగలేం. కాబట్టి మనం అడగగలిగింది బేసిక్ డ్యూటీ, సర్‌ఛార్జి మాత్రమే, పంపుకి 8,250.

ఇందులో అతనికి నష్టం లేదు. ఎగుమతిని ఎల్‌యూటీ మీద, అంటే జీఎస్టీ శాఖకి రాసిచ్చే హామీపత్రం మీద, పన్ను కట్టకుండా చేశాడు, క్రెడిట్ అప్పటికే పనికొచ్చింది. ఇక్కడ అమ్మకాలే లేకుండా కేవలం ఎగుమతి చేసేవాడైతే ఆలోచన వేరుగా ఉండాలి: క్రెడిట్ తీసుకుని జీఎస్టీ రిఫండ్ అడగాలా, తీసుకోకుండా డ్రాబ్యాక్‌లో కలిపి అడగాలా అన్నది రిటర్న్ వేయకముందే తేల్చుకోవాలి. ఆ సంగతి బ్రోకర్‌కి తెలిసేసరికి సాధారణంగా అకౌంటెంట్ క్రెడిట్ తీసేసుకుని ఉంటాడు.

సెక్షన్ 74 కింద డ్రాబ్యాక్ అడుగుతున్నామని షిప్పింగ్ బిల్ మీదే చెప్పి పంపాం. ఈ మాట ముందే చెప్పాలి. మామూలు బిల్లు మీద సరుకు వెళ్లిపోయాక గుర్తొస్తే, మన చేతుల్లో లేని కారణం వల్ల చెప్పలేకపోయామని కమిషనర్‌ని ఒప్పించాల్సి వస్తుంది. పోర్టులో 25 పెట్టెలూ తెరిపించారు. అధికారి మొదట నేమ్‌ప్లేట్ చూసి, తర్వాత ఫ్లాంజ్ అంచు చూపించమన్నాడు. గోదాంలో తుడిచి ఉంచినందుకు ఆ పని పదిహేను నిమిషాల్లో అయిపోయింది. మూడు వాడినవని మేమే డిక్లేర్ చేశాం కాబట్టి ఆ మూతల గురించి ప్రశ్న రాలేదు. 22 వాడనివి, 3 వాడినవి, అన్నిటి నంబర్లూ దిగుమతి కాగితాలతో కలిశాయని పరీక్ష రిపోర్టులో రాశాడు. డ్రాబ్యాక్ ఫైలుకి ప్రాణం ఆ రెండు వాక్యాలే. ఎగుమతికి అనుమతిచ్చే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు జూన్ 26న వచ్చింది.

క్లెయిమ్ వేయడానికి ఆ తేదీ నుంచి మూడు నెలల గడువు. జూలై మధ్యలో వేశాం: షిప్పింగ్ బిల్ కాపీ, బిల్ ఆఫ్ ఎంట్రీ, డ్యూటీ కట్టిన చలానా, దిగుమతి, ఎగుమతి ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, బిల్ ఆఫ్ లేడింగ్, పైన చెప్పిన టెస్ట్ సర్టిఫికెట్ల గొలుసు. పది రోజులకి, ఏ కాగితం తక్కువైందో చెప్పే డెఫిషియెన్సీ మెమోతో తిరిగొచ్చింది. మేము ఐజీఎస్టీ అడగలేదు కాబట్టి క్రెడిట్ గురించి కాగితం అక్కర్లేదనుకున్నాం. ఐజీఎస్టీ ఎందుకు అడగలేదో, క్రెడిట్ ఎంత తీసుకున్నారో రాసివ్వమని వాళ్లు అడిగారు. అడగడంలో తప్పు లేదు. మెమోతో తిరిగొచ్చిన క్లెయిమ్‌ను అసలు వేయనట్టే లెక్కిస్తారు. నెల దాటితే వడ్డీ ఇవ్వాలన్న సెక్షన్ 75ఏ గడియారం, అన్ని కాగితాలతో మళ్లీ వేసిన రోజు నుంచే మొదలవుతుంది. ఆగస్టు 4న మళ్లీ వేశాం. నెల తిరక్కుండానే డబ్బు పడింది.

లెక్క ఇదీ. వాడని 22 పంపులకి 8,250లో 98 శాతం, ఒక్కోటి 8,085, మొత్తం 1,77,870. వాడిన మూడింటికి 85 శాతం, ఒక్కోటి 7,012.50, మొత్తం 21,037.50. రెండూ కలిపి 1,98,907.50. ఈ 25 పంపుల మీద కట్టిన బేసిక్ డ్యూటీ, సర్‌ఛార్జి 2,06,250. అంటే పోయింది 7,342.50. పాత లాట్ అయిదింటి మీద ఎప్పుడో కట్టిన డ్యూటీ పూర్తిగా పోయింది.

అదే ఓడలో వచ్చి, బాండ్ నుంచి రెండు విడతల్లో వెళ్లిన 80 పంపుల మీద కట్టాల్సిన 22,18,800 అసలు కట్టనే లేదు, అడగనూ లేదు. వాటి ఫైలు మందం పాతిక కాగితాలు. ఈ 25 పంపుల డ్రాబ్యాక్ ఫైలు రెండు వందలు దాటింది.

పార్టీ ఆ డిసెంబరులో మళ్లీ 150 పంపులకి ఆర్డరు పెట్టాడు. ఈసారి సప్లయర్‌కి మెయిల్ అతనే రాశాడు, నాకు కాపీ పెట్టాడు. మొదటి లైనులోనే ప్రతి కార్టన్‌కి ఎదురుగా సీరియల్ నంబరు రాయమని ఉంది. గోదాంలో స్టోర్‌కీపర్ ఒక్కో బిల్ ఆఫ్ ఎంట్రీకి ఒక్కో ర్యాక్ కేటాయించి, నంబరు చాక్‌పీసుతో రాశాడు. అది రెండు వారాల్లో చెరిగిపోతుంది, పెయింట్‌తో రాయించమని చెప్పి వచ్చాను.